సూరత్‌లో ఏ అర్జీ ఎక్కడికి: లోకాయుక్త పని, కాగ్ పని

2013 ఏప్రిల్ 2న గుజరాత్ శాసనసభలో బడ్జెట్ సమావేశాలకు చివరి రోజు. ఆ రోజు సభ ముందుకు రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, అంటే కాగ్ నివేదిక. సూరత్ పక్కనే ఉన్న హజీరాలో ఎస్సార్ స్టీల్ ఆక్రమించిన ప్రభుత్వ భూమిని క్రమబద్ధీకరించే విషయంలో నియమాల ప్రకారం రావాల్సిన ధర కంటే తక్కువ లెక్క కట్టారని, దానివల్ల ఆ కంపెనీకి 238.50 కోట్ల రూపాయల అనుచిత లబ్ధి కలిగిందని అందులో ఉంది. రెండోది లోకాయుక్త ఎంపికలో ముఖ్యమంత్రి అధ్యక్షతన ఉండే కమిటీకి పెద్దపీట వేసే బిల్లు. అప్పటికి రాష్ట్రంలో లోకాయుక్త కుర్చీ తొమ్మిదేళ్లు దాటి ఖాళీగా ఉంది.

లింబాయత్, ఉధనా, పాండేసరా వైపు మరమగ్గాల మీదో, ఇళ్ల కట్టుబడిలోనో పనిచేసే మనవాళ్లకు ఈ పాత సంగతితో పనేమిటని అడగొచ్చు. పని ఉంది. ప్రభుత్వ కార్యాలయంలో అన్యాయం జరిగిందని అర్జీ రాసేవాళ్లు చాలామంది ఈ రెండు సంస్థల్లో ఏది దేనికో తెలియక తప్పు చోటికి పంపుతారు. ఆరు నెలలు ఎదురుచూసి ఎవరూ పట్టించుకోలేదని వదిలేస్తారు. అసలు ఆ కాగితం పట్టించుకునే చోటికి చేరనే లేదు.

హజీరా ఫైలునే తీసుకోండి. ఆడిటరు అడిగే ప్రశ్నలు ఇలా ఉంటాయి: నియమం ఏం చెబుతోంది, కార్యాలయం ఏం చేసింది, తేడా ఎంత, ఖజానాకు రావాల్సింది ఎంత రాలేదు. జవాబు రూపాయల్లో వస్తుంది. ఆ తక్కువ ధరకు ఒప్పుకున్నది ఎవరు, ఎందుకు ఒప్పుకున్నారు, వాళ్లకు ఏమైనా ముట్టిందా అన్నది ఆడిటు తేల్చదు. అది తేల్చాల్సింది లోకాయుక్త. పదవిలో ఉన్న మనిషి ఆ పదవిని సొంత లాభానికి గానీ, ఇంకొకరికి అనుచితంగా మేలు చేయడానికి గానీ వాడుకున్నాడా అన్న ఆరోపణను విచారించడానికే 1986లో గుజరాత్ లోకాయుక్త చట్టం వచ్చింది. కాగ్ లెక్కను పట్టుకుంటుంది, లోకాయుక్త మనిషిని పట్టుకోవాలి. 2013 ఏప్రిల్‌లో మొదటి ప్రశ్నకు జవాబు సభలో ఉంది. రెండో ప్రశ్న అడగాల్సిన కుర్చీలో మాత్రం ఎవరూ లేరు.

ఎందుకు లేరో తెలిస్తే ఈ రెండింటి బలం కూడా తెలుస్తుంది. 2003 నవంబరులో ఖాళీ అయిన ఆ కుర్చీలో 2011 ఆగస్టు 25న గవర్నర్ కమలా బేనీవాల్ రిటైర్డ్ జస్టిస్ ఆర్.ఎ. మెహతాను నియమించారు. మంత్రివర్గం సలహా లేకుండా చేశారంటూ రాష్ట్ర ప్రభుత్వం కోర్టుకు వెళ్లింది. హైకోర్టు, ఆ తర్వాత 2013 జనవరి 2న సుప్రీంకోర్టు ఆ నియామకాన్ని సమర్థించాయి. ఈ నియామకంలో హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అభిప్రాయానికే ఎక్కువ విలువ అని సుప్రీంకోర్టు చెప్పింది. అంత పోరాటం తర్వాత కూడా మెహతా ఆ బాధ్యత వద్దన్నారు. 2013 చివరికి గానీ జస్టిస్ డి.పి. బుచ్ ఆ పదవిలోకి రాలేదు. లోకాయుక్త రాష్ట్ర చట్టంతో పుట్టిన సంస్థ. రాష్ట్ర ప్రభుత్వానికి ఇష్టం లేకపోతే దాన్ని ఇలా ఏళ్ల తరబడి నిలిపి ఉంచవచ్చు. కాగ్ అలా కాదు. రాజ్యాంగం 148వ అధికరణం కింద రాష్ట్రపతి నియమిస్తారు, సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తొలగించే పద్ధతిలో తప్ప తొలగించలేరు. ఆ తొమ్మిదేళ్లూ గుజరాత్‌లో ఆడిటు ఆగలేదు.

ఇప్పుడు మీ కాగితం సంగతి చూద్దాం. మీకు తెలిసిన ఒక తాపీమేస్త్రి ఉన్నాడనుకోండి. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో నమోదయ్యాడు, ఈ-నిర్మాణ్ కార్డు కూడా ఉంది. సైటులో పైనుంచి పడి కాలు విరిగింది. సాయం కోసం పెట్టుకున్న దరఖాస్తును తిప్పి పంపారు. గడిచిన ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు రుజువు లేదన్నారు.

మన ఊరి అలవాటు ప్రకారం ముందు లోకాయుక్తకు రాద్దామనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1983 చట్టం కింద లోకాయుక్త, ఉపలోకాయుక్త ఇద్దరూ ఉండేవారు. అధికారుల మీద కూడా అర్జీలు పెట్టుకోవచ్చు కాబట్టి తహసీల్దారు మీద సైతం జనం వెళ్లేవారు. గుజరాత్‌లో ఆ అలవాటు పనికిరాదు. ఇక్కడి 1986 చట్టం మంత్రులు, ప్రభుత్వ సంస్థల అధ్యక్షుల వంటి పదవుల్లో ఉన్నవారి మీద అవినీతి ఆరోపణల కోసం రాసింది. దరఖాస్తు తిప్పి పంపిన గుమస్తా మీద ఫిర్యాదు దాని పరిధిలోకి రాదు. దానికి ప్రమాణపత్రం తయారుచేయించడానికి లాయరుకు డబ్బు పోయకండి. మీరు ఫిర్యాదు చేయదలచిన మనిషి పదవి చట్టంలోని నిర్వచనంలో ఉందో లేదో ముందు చూసుకోండి.

మేస్త్రికి ముందు కావాల్సింది తిరస్కరణ కాగితం మీద, కారణంతో సహా. నోటిమాటగా పంపేస్తే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గుజరాత్‌లో రుసుము 20 రూపాయలు. ఏ తేదీన, ఏ నియమం కింద, ఎవరి సంతకంతో తిప్పి పంపారో అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే అదే కార్యాలయంలో పై అధికారికి మొదటి అప్పీలు చేసుకోవచ్చు. ఆ కాగితం చేతికొచ్చాక తాలూకా స్థాయిలో, అక్కడ కాకపోతే జిల్లా స్థాయిలో స్వాగత్ అనే ప్రభుత్వ ఫిర్యాదుల వేదికకు వెళ్లండి. 2003లో మొదలైన ఈ ఏర్పాటులో అధికారి మీ ఎదుటే ఫైలు చూసి జవాబు చెప్పాలి. ఒక్క మాట గుర్తుంచుకోవాలి. స్వాగత్ ప్రభుత్వం తన సొంత యంత్రాంగాన్నే అడిగే పద్ధతి. స్వతంత్ర విచారణ కాదు. అయినా 90 రోజుల రుజువు లాంటి చిక్కు, అంటే కాంట్రాక్టరు సంతకం, హాజరు పుస్తకం లాంటివి, ఎక్కువసార్లు వీడేది ఇక్కడే. ఎవరైనా డబ్బు అడిగితే దారి మారుతుంది. అప్పుడు అవినీతి నిరోధక శాఖ నంబరు 1064కు ఫోను చేయాలి. ఆ పని డబ్బు ఇవ్వకముందే చేయాలి.

కాగ్‌కు రాస్తే మేస్త్రి సాయం మంజూరవుతుందా? కాదు. రాష్ట్రంలో కాగ్ పని చూసే అకౌంటెంట్ జనరల్ కార్యాలయం ఒక మనిషి కేసు తీర్చదు, మీకు జవాబు చెప్పే బాధ్యత కూడా దానికి లేదు. కానీ మీ బస్తీలో నలభై మంది దరఖాస్తులు ఒకే కారణంతో, ఒకే తరహాలో తిరిగొచ్చాయనుకోండి. అప్పుడది ఒక మేస్త్రి బాధగా ఆగదు. కార్యాలయం పనిచేసే తీరులోనే లోపం ఉందన్నమాట. ఆడిటరు వెతికేది సరిగ్గా దాన్నే. ఆ నలభై తిరస్కరణ కాగితాల నకళ్లు, తేదీలు, కారణాలు ఒక పట్టికగా రాసి పంపండి. ఆవేశపు వాక్యాలు వద్దు. ఆడిటు అన్ని ఫైళ్లూ చూడదు, కొన్నింటిని ఎంచుకుని చూస్తుంది. ఏ కార్యాలయంలో, ఏ ఏడాది, ఏ పథకంలో చూడాలో చెప్పే కాగితం దానికి ఉపయోగం. గుజరాత్‌లో ఈ కార్యాలయాలు అహ్మదాబాద్, రాజ్‌కోట్‌లలో ఉన్నాయి.

ఇలాంటి పని నిజంగా ఫలితం ఇచ్చిన చోటు ఈ నిర్మాణ కార్మికుల నిధే. 1996 నాటి రెండు చట్టాల ప్రకారం కట్టుబడి ఖర్చులో కనీసం ఒక శాతం సెస్సుగా వసూలు చేసి కార్మికుల సంక్షేమానికి ఖర్చు చేయాలి. బోర్డు లెక్కలను ఏటా కాగ్ ఆడిట్ చేయాలని ఆ చట్టాల్లోనే రాసి ఉంది. ఇప్పుడా ఏర్పాటు సామాజిక భద్రత కోడ్‌లోకి వచ్చింది. ఈ నిధి మీద ఒక కార్మిక సంఘాల వేదిక సుప్రీంకోర్టుకు వెళ్లింది. దేశమంతటా బోర్డులు వసూలు చేసింది సుమారు 37,400 కోట్లయితే కార్మికుల కోసం ఖర్చయింది దాదాపు 9,500 కోట్లేనని అక్కడ బయటపడింది. ఆ డబ్బుతో ల్యాప్‌టాప్‌లు, వాషింగ్ మెషీన్లు కొన్నారని కాగ్ కోర్టుకు ఇచ్చిన అఫిడవిట్‌లో ఉంది. 2018 మార్చి 19న జస్టిస్ మదన్ లోకూర్ ధర్మాసనం తీర్పు ఇచ్చి, కార్మికుల నమోదు నుంచి పథకాల వరకు ప్రభుత్వాలు ఏం చేయాలో చెప్పింది. ఇందులో కాగ్ ఎవరినీ శిక్షించలేదు, పైసా వసూలు చేయలేదు. ఎవరూ కాదనలేని అంకె ఇచ్చింది. ఆ అంకె పట్టుకుని వాదించింది సంఘం, ఆదేశం ఇచ్చింది కోర్టు.

అందుకే ఆడిట్ నివేదిక మీకు అర్జీ పెట్టుకునే చోటుగా కంటే సాక్ష్యంగా ఎక్కువ పనికొస్తుంది. cag.gov.in లో రాష్ట్రాల వారీగా దొరుకుతాయి. మొత్తం చదవనక్కర్లేదు. మీ శాఖ పేరున్న పేరా తీసి నాలుగు విషయాలు చూడండి: నియమం ఏమిటి, జరిగింది ఏమిటి, నష్టం ఎంత, ప్రభుత్వం ఏం జవాబిచ్చింది. ఆ చివరిదే అన్నిటికంటే విలువైంది. ఆడిటు పేరా అచ్చులోకి వచ్చేముందు శాఖకు పంపి జవాబు అడుగుతారు. శాఖ లోపాన్ని ఒప్పుకున్నా, సరిచేస్తామన్నా ఆ మాట నివేదికలో ఉండిపోతుంది. స్వాగత్‌లో అధికారి ముందు మీ మేస్త్రి కాగితం పక్కన ఆ పేరా నకలు పెట్టండి. అలాంటి లోపమే లేదని చెప్పడం ఆయనకు కష్టమవుతుంది.

ఒక పరిమితి మాత్రం తెలిసి ఉండాలి. ఆడిటు చూసేది గడిచిపోయిన ఏళ్ల ఫైళ్లను. నివేదిక గవర్నరుకు చేరి, సభలో పెట్టాకే బయటికి వస్తుంది. ఎప్పుడు పెట్టాలో రోజు నిర్ణయించి లేదు. 2013లోలాగ చివరి రోజు పెడితే ఆ సమావేశాల్లో చర్చకు వ్యవధే ఉండదు. ఆ తర్వాత దాన్ని చూడాల్సింది శాసనసభ ప్రజాపద్దుల కమిటీ. అందువల్ల బడ్జెట్ సమావేశాలు ముగిసే రోజుల్లో వెబ్‌సైటు చూసి, మీ శాఖ పేరా కనిపిస్తే దాని నంబరుతో మీ నియోజకవర్గ ఎమ్మెల్యేకు ఉత్తరం రాయండి. ఈ పేరాను ప్రజాపద్దుల కమిటీ ఎప్పుడు విచారణకు తీసుకుంటుందో తెలుసుకుని చెప్పమని అడగండి. రసీదు తీసుకోండి.