శ్రేఢి జాతిని నిర్ణయించుట

2, 6 అను రెండు పదములు మాత్రమే యిచ్చి మూడవదాని నడిగినచో నిశ్చితమైన సమాధానము లేదు. 4 కూడినచో 10, 3 చే గుణించినచో 18 వచ్చును. కావున మూడవ పదమును చూడక శ్రేఢి జాతిని నిర్ణయింపరాదు.

2, 6, 18, 54 లను పరీక్షింతము. భేదములు 4, 12, 36. ఇవి సమానములు కావు గనుక నిది అంకశ్రేఢి కాదు. ప్రతి పదమును దాని ముందు పదముచే భాగింపగా అంతటను 3 వచ్చుచున్నది. కనుక నిది గుణశ్రేఢి. మొదటి పదమునకు గుణకార మక్కరలేదు. రెండవదానికి ఒకసారి, మూడవదానికి రెండుసార్లు 3 చే గుణింపవలెను. అందుచే n వ పదము 2 × 3ⁿ⁻¹. పలువురు తొందరపాటున 2 × 3ⁿ అని వ్రాయుదురు. అందు n = 1 అని వేసి చూడుడు; 2 కు మారుగా 6 వచ్చి తప్పు బయటపడును. ఆరవ పదము 2 × 243 = 486.

2, 6, 10, 14 అనునది అంకశ్రేఢి, భేదము 4. n వ పదము 2 + (n − 1) × 4, అనగా 4n − 2. దీని ఆరవ పదము 22 మాత్రమే!

ఇక 2, 6, 12, 20 లో భేదములును సమానములు కావు, నిష్పత్తులును కావు. దీనిని బలవంతముగా ఏ సూత్రమునను ఇమిడ్పరాదు. 1 × 2, 2 × 3, 3 × 4, 4 × 5 అని విడదీసినచో n వ పదము n(n + 1) అని తోచును.