ఈత తర్వాత జ్వరమా? డాక్టరుకు ఈ మాట చెప్పండి



2024లో కేరళలోని కోజికోడ్ జిల్లాలో 14 ఏళ్ల బాలుడు చెరువులో ఈత కొట్టిన కొద్ది రోజులకే జబ్బుపడ్డాడు. ఫిట్స్ కూడా వచ్చాయి. నేగ్లేరియా అనే అమీబా గురించి అప్పటికే చదివిన తండ్రి, కొడుకు ఈతకు వెళ్లిన సంగతి డాక్టర్లకు చెప్పారు. చికిత్స త్వరగా మొదలైంది, బాబు బతికాడు. ఈ జబ్బు నుంచి బయటపడేవారు నూటికి ముగ్గురే.

నేగ్లేరియా వెచ్చని మంచినీటి చెరువుల్లో, కుంటల్లో, క్లోరిన్ సరిగా కలపని ఈతకొలనుల్లో బతుకుతుంది. ఆ నీళ్లు తాగితే ఈ జబ్బు రాదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు. నీళ్లలోకి దూకినప్పుడు ముక్కులోకి ఎక్కితేనే ప్రమాదం. అమీబా వాసన నాడి వెంట మెదడుకు చేరి, అక్కడి కణజాలాన్ని తినేస్తుంది.

సాధారణంగా 1 నుంచి 12 రోజుల్లో తలనొప్పి, జ్వరం, వాంతులు, మెడ బిగుసుకోవడం కనిపిస్తాయి. ఇవన్నీ బ్యాక్టీరియా వల్ల వచ్చే మెదడువాపు లక్షణాల్లాగే ఉంటాయి. అందుకే అమీబాపై అనుమానం రాదు. లక్షణాలు మొదలయ్యాక రోగి చేతిలో ఉండేది సుమారు 5 రోజులే. ఈత సంగతి తెలిస్తే, వెన్ను నుంచి తీసిన నీటిని వెంటనే మైక్రోస్కోప్ కింద చూస్తారు. కదిలే అమీబాలు అందులో కనిపించవచ్చు.

మరో అమీబా అకాంతమీబా. కాంటాక్ట్ లెన్సులను కుళాయి నీళ్లతో కడిగితే ఇది కంటికి సోకి, చూపు పోగొట్టవచ్చు. లెన్స్ ద్రావణమే వాడించండి.

చెరువులో దిగే పిల్లలకు ముక్కు క్లిప్పు పెట్టండి, తల ముంచనివ్వకండి. ఆ తర్వాత జ్వరం వస్తే, డాక్టరు అడగకపోయినా ఈత సంగతి మీరే ముందుగా చెప్పండి.