ఆటోక్యాడ్‌లో గీత కరెక్ట్‌గా పాయింట్ మీదే ఆగాలంటే: స్నాప్, పోలార్, ఆర్థో

ఉప్పల్, నాచారం ఇండస్ట్రియల్ ఏరియాల్లో లేజర్ కటింగ్ చేసే షాపులు ఉన్నాయి. మానిటర్ వాల్ మౌంట్ కోసం ఒక సైడ్ ప్లేట్ కట్ చేయించాలనుకుందాం. డీఎక్స్ఎఫ్ ఫైల్ తీసుకెళ్తే ఆపరేటర్ ముందుగా చూసేది ఔట్‌లైన్ పూర్తిగా మూసుకుందా లేదా అని. స్క్రీన్ మీద గీతలు కలిసినట్టే ఉంటాయి, కానీ జూమ్ చేస్తే మధ్యలో ఖాళీ. నేను రోజూ కోడ్ రాసేవాణ్ణి కాబట్టి దీన్ని ఇలా చూస్తాను: దగ్గరగా ఉండటం వేరు, సమానంగా ఉండటం వేరు.

మన ప్లేట్ వెడల్పు 120 ఎంఎం, ఎత్తు 80 ఎంఎం. కుడివైపు పై మూలని 45 డిగ్రీల్లో, రెండువైపులా 40 ఎంఎం చొప్పున కోసేయాలి.

చాలామంది ఏటవాలు గీత పొడవుని క్యాలిక్యులేటర్‌లో లెక్కేసి `@56.57<135` అని టైప్ చేస్తారు. అసలు పొడవు 56.5685 దాకా వెళ్లి ఇంకా సాగే సంఖ్య. రెండు దశాంశాలకు కుదించగానే గీత చివర 80 దగ్గర కాకుండా 80.0010 దగ్గర ఆగుతుంది. అక్కడి నుంచి ఎడమకి 80, కిందకి 80 టైప్ చేస్తే మొదలుపెట్టిన పాయింట్‌కి చేరం, దాని పక్కన ఆగుతాం. ఇంత చిన్న తేడాని కొన్ని కటింగ్ సాఫ్ట్‌వేర్‌లు వాటంతట అవే కలిపేస్తాయి. కంటితో చూసి క్లిక్ చేస్తే వచ్చే ఖాళీ ఇంకా పెద్దది, దాన్ని అన్నీ కలపవు.

ఇప్పుడు అసలు పద్ధతి. ముందు `F3` నొక్కి ఆబ్జెక్ట్ స్నాప్ ఆన్ చేయండి. `OSNAP` అని టైప్ చేసి `Endpoint`, `Midpoint` మాత్రమే టిక్ పెట్టండి. తర్వాత `F8` నొక్కితే ఆర్థో ఆన్ అవుతుంది, అంటే గీత అడ్డంగా లేదా నిలువుగా మాత్రమే వెళ్తుంది.

```
LINE
0,0
120
40
```

120కి ముందు మౌస్‌ని కుడికి, 40కి ముందు పైకి జరపండి. ఎంటర్ కొట్టి ముగించండి. మళ్లీ `LINE` ఇచ్చి, మొదటి మూలని ఎండ్‌పాయింట్ స్నాప్‌తో పట్టుకుని, పైకి 80 గీసి ముగించండి.

ఏటవాలు గీతకి `F10`తో పోలార్ ట్రాకింగ్ ఆన్ చేయండి. ఆర్థో దానంతట అదే ఆఫ్ అవుతుంది, ఎందుకంటే రెండూ ఒకేసారి పనిచేయవు. `POLARANG` విలువ 45 పెట్టండి. `F11` కూడా ఆన్‌లో ఉండాలి. కుడి గీత పై చివర నుంచి `LINE` మొదలుపెట్టి, ఎడమ గీత పై చివర మీద కర్సర్‌ని క్లిక్ చేయకుండా ఒక క్షణం ఆపండి. అక్కడ చిన్న ప్లస్ గుర్తు వస్తుంది. ఇప్పుడు కర్సర్‌ని కుడికి జరుపుతూ వెళ్తే, అడ్డ చుక్కల గీత 135 డిగ్రీల చుక్కల గీతని ఒకచోట కలుస్తుంది. అక్కడే క్లిక్ చేయండి. ఆ తర్వాత ఎడమ గీత పై చివరకి స్నాప్ చేస్తే ఔట్‌లైన్ పూర్తయింది. పొడవు మనం లెక్కేయనేలేదు, పాయింట్ మాత్రం కచ్చితంగా 80,80.

బోల్ట్ రంధ్రానికీ ఇదే ట్రిక్. `CIRCLE` ఇచ్చి, ఎడమ గీత మిడ్‌పాయింట్ మీద కర్సర్ ఆపి, కుడికి జరిపి 20 టైప్ చేయండి. తర్వాత రేడియస్ 5. రంధ్రం సెంటర్ 20,40 దగ్గర పడుతుంది.

ఒక విషయం గుర్తుపెట్టుకోండి. ఆర్థో ఆన్‌లో ఉన్నా స్నాప్‌దే పైచేయి. పక్కకి ఉన్న ఎండ్‌పాయింట్‌ని స్నాప్ పట్టేస్తే గీత వంకరగానే వస్తుంది. అందుకే క్లిక్ చేసే ముందు గుర్తు చూడండి: చతురస్రం అయితే ఎండ్‌పాయింట్, త్రిభుజం అయితే మిడ్‌పాయింట్. ఇసుక గడియారం లాంటి గుర్తు కనిపిస్తే అది `Nearest`, అంటే గీత మీద ఎక్కడో ఒకచోట. దాన్ని ఎప్పుడూ ఆన్‌లో ఉంచకండి, మూల దగ్గర క్లిక్ చేశామనుకుంటాం, పక్కన పడుతుంది.

ఫైల్ పంపే ముందు చెక్ ఇలా: ఔట్‌లైన్ గీతలన్నీ సెలెక్ట్ చేసి `JOIN` ఇవ్వండి. వచ్చిన పాలీలైన్ `Properties`లో `Closed` ఎదురుగా `Yes` ఉండాలి. `No` ఉంటే `ID` కమాండ్‌తో మూలల కోఆర్డినేట్స్ చూడండి. 80 ఉండాల్సిన చోట 80.0010 కనిపించిందంటే దొంగ దొరికినట్టే. ఆ గీతని తీసేసి స్నాప్‌తో మళ్లీ గీయండి, ఎందుకంటే తప్పు పాయింట్‌కి స్నాప్ చేసినా అది అంతే కచ్చితంగా తప్పు చోటికే తీసుకెళ్తుంది.