లెవెల్ 4 అంటే ఇంటర్ పాసైనట్టేనా?

వేసవి సెలవులకి ఊరెళ్ళినప్పుడు మా చిన్నాన్న కొడుకు ఒక కరపత్రం పట్టుకొచ్చాడు. వాడు ఆ ఏడే టెన్త్ పాసయ్యాడు. "అన్నయ్యా, మూడు నెలల ఎలక్ట్రీషియన్ కోర్సంట. లెవెల్ 4 సర్టిఫికెట్ ఇస్తారంట, అది ఇంటర్‌తో సమానమంట. ఇది చేసేసి డిగ్రీలో చేరిపోవచ్చు కదా?" అన్నాడు. ఎల్లుండికల్లా ఫీజు కట్టాలి. నిజం చెప్పాలంటే నాకూ తెలీదు. ఆ రాత్రి కూర్చుని తెలుసుకున్నదే ఈ వ్యాసం.

ఆ "లెవెల్" అనేది నేషనల్ స్కిల్స్ క్వాలిఫికేషన్స్ ఫ్రేమ్‌వర్క్ (ఎన్‌ఎస్‌క్యూఎఫ్)లోది. బడి చదువునీ, వృత్తి సర్టిఫికెట్లనీ, డిగ్రీలనీ ఒకే నిచ్చెన మీద పెట్టే పద్ధతి ఇది. 2023లో సవరించాక ఆ నిచ్చెనలో ముఖ్యమైన మెట్లు ఇలా ఉన్నాయి:

- పదో తరగతి: 3
- పన్నెండో తరగతి, అంటే మన ఇంటర్: 4
- డిగ్రీ మొదటి ఏడాది: 4.5
- మూడేళ్ళ డిగ్రీ: 5.5
- నాలుగేళ్ళ డిగ్రీ: 6
- పీహెచ్‌డీ: 8

రెండేళ్ళ ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడ్ కూడా ఇప్పుడు లెవెల్ 4లోనే ఉంది. అంటే కరపత్రంలో "లెవెల్ 4, ఇంటర్" అని పక్కపక్కన రాయడం పూర్తిగా అబద్ధం కాదు. చిక్కంతా "సమానం" అనే మాటలో ఉంది.

లెవెల్ చెప్పేది పని ఎంత కష్టమైనదో, ఎంత బాధ్యతతో చెయ్యాలో మాత్రమే. స్థూలంగా చెప్పాలంటే, లెవెల్ 3 వాడు పక్కన ఒకరు చూస్తుండగా పని చేస్తాడు. లెవెల్ 4 వాడు తన పనికి తానే బాధ్యుడు. ఎంతకాలం చదివాడన్నది ఈ అంకెలో ఉండదు. దానికి వేరే కొలత ఉంది, క్రెడిట్లు. 30 గంటల చదువు లేదా శిక్షణ ఒక క్రెడిట్. పూర్తి ఏడాదికి 1200 గంటలు, అంటే 40 క్రెడిట్లు.

ఇప్పుడు మావాడి లెక్క చూద్దాం. కరపత్రంలో కోర్సు 390 గంటలని ఉంది. 30తో భాగిస్తే 13 క్రెడిట్లు. రెండేళ్ళ ఐటీఐకి 80. రెండూ లెవెల్ 4 అయినా, ఒకటి రెండోదాంట్లో ఆరోవంతు. ఒకే అంతస్తులో ఉన్నంత మాత్రాన చిన్న గదీ పెద్ద హాలూ ఒకటి కావు కదా!

ఇంకో సంగతి. లెవెల్ సరిపోయినంత మాత్రాన సీటు రాదు. కాలేజీ చూసేది తన ప్రవేశ నిబంధనని. రెండేళ్ళ ఐటీఐ చేసినవాడికి కూడా ఇంటర్ సమానత దానంతటది వచ్చెయ్యదు, ఓపెన్ స్కూల్ ద్వారా అదనపు పరీక్షలు రాయాలి. పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరే దారి ఐటీఐ వాళ్ళకి వేరే ఉంది, దానికీ వేరే షరతులున్నాయి.

పాత సర్టిఫికెట్లతో పోల్చేటప్పుడు మరీ జాగ్రత్త. 2013లో మొదలైనప్పుడు నిచ్చెనకి 10 మెట్లుండేవి, ఇప్పుడు 8. అప్పట్లో బీ.వొకేషనల్ డిగ్రీ లెవెల్ 7, ఇప్పుడు మూడేళ్ళ డిగ్రీ 5.5. పాత ఐటీఐ ఎలక్ట్రీషియన్ సిలబస్ మీద లెవెల్ 5 అని ఉంటుంది, కొత్తదాని మీద 4. అంకె తగ్గిందని చదువు తగ్గినట్టు కాదు, కొలబద్ద మారింది. అందుకే అంకెతో పాటు సర్టిఫికెట్ ఏ ఏడాదిదో కూడా చూడాలి.

కోర్సు అసలుదో కాదో ఎలా తెలుస్తుంది? ప్రతి గుర్తింపు పొందిన కోర్సుకీ ఒక కోడ్ ఉంటుంది. `nqr.gov.in`లో వెతికితే లెవెల్, గంటలు, సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ పేరు, చేరడానికి ఉండాల్సిన అర్హత కనిపిస్తాయి. చివరిది తప్పకుండా చూడండి. లెవెల్ 4 కోర్సుకి మామూలుగా ఇంటర్ గానీ, టెన్త్‌తో పాటు కొంత పని అనుభవం గానీ అడుగుతారు. "టెన్త్ పాసైతే చాలు" అంటే అనుమానించాల్సిందే.

మర్నాడు మావాడు ఆ సెంటర్‌కి ఫోన్ చేసి కోడ్ అడిగాడు. కోర్సు నిజమైనదే, రిజిస్టర్‌లో ఉంది. కానీ అర్హతలో పని అనుభవం అడిగారు, వీడికి లేదు. ఆ మాటే అంటే "అదంతా మేం చూసుకుంటాంలే" అన్నారట.

ఫీజు కట్టలేదు. జూన్‌లో ఐటీఐకి అప్లై చేశాడు. ఇప్పుడు రెండో ఏడాది, మోటార్ వైండింగ్ నేర్చుకుంటున్నాడు. మొన్న ఫోన్ చేసి, "అన్నయ్యా, నాకు నాలుగు, నీకు ఆరు. మరి మీ హాస్టల్ గదిలో ఫ్యాన్ పాడైతే ఎవరు బాగుచేస్తారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.