పాతిక మిల్లీమీటర్ల షాఫ్టు మీద గొడవ

కినత్తుకడవు

మేనకోడలికి,

ఇంటర్వ్యూకి పిలుపు వచ్చిందని అక్క చెప్పింది. ఆ రాత్రి ఫోన్లో నువ్వు వినిపించిన జవాబుల్లో మిగతావన్నీ బాగున్నాయి, ఒక్కటి మాత్రం మార్చాలి. "తోటి ఉద్యోగితో ఎప్పుడైనా గొడవ వచ్చిందా, అప్పుడేం చేశావు?" అని అడిగితే నువ్వు చెప్పబోయేది ఇది: "నైట్ షిఫ్ట్ ఆపరేటర్ కొలతలు సరిగ్గా చూసేవాడు కాదు. నేను పట్టుకున్నాను. సూపర్‌వైజర్‌కి చెప్పాక దారికొచ్చాడు." ఇది విన్న ప్యానెల్‌కి ఆ ఆపరేటర్ గురించి తెలుస్తుంది కానీ, నువ్వేం చేశావో తెలియదు. పైగా రేపు తమ దగ్గర చేరాక తమవాళ్ళ గురించి కూడా నువ్వు బయట ఇలాగే చెబుతావని అనుకుంటారు.

అది వద్దంటే "నాకు ఎవరితోనూ గొడవలు రావు" అంటానన్నావట. అది ఇంకా పనికిరాదు. నువ్వు క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌వి. ఎర్ర ట్యాగు కట్టే ఉద్యోగంలో ఉండి ఎవరితోనూ మాటా మాటా రాలేదంటే, కట్టాల్సిన చోట ట్యాగు కట్టలేదేమోనన్న అనుమానం వస్తుంది. నేను మెషిన్ షాపు తరఫున ఇంటర్వ్యూల్లో కూర్చున్నప్పుడు అలాంటి జవాబు వస్తే వెంటనే "నువ్వు చివరిసారి రిజెక్ట్ చేసిన లాటు గురించి చెప్పు" అని అడిగేవాణ్ణి.

మన ప్రాంతంలో ఇంకో సంగతి ఉంది. కోయంబత్తూరు చుట్టూ పంపులు, మోటార్లు, కాస్టింగులు చేసే షాపులన్నీ ఒకదానికొకటి తెలిసినవే. కురిచ్చిలో పనిచేసినవాడు మలుమిచ్చంపట్టిలో కనిపిస్తాడు, అక్కణ్ణుంచి అరసూరు వెళ్తాడు. ప్యానెల్‌లో కూర్చున్నాయన నీ ఆపరేటర్‌తో ఒకప్పుడు ఒకే బెంచీ మీద భోజనం చేసి ఉండొచ్చు. నువ్వు పేరు చెప్పకపోయినా ఏ షాపు, ఏ షిఫ్టు, ఏ లేతు అన్నది విని ఆయన మనిషిని గుర్తుపడతాడు.

ఇలాంటి ప్రశ్నలకు ఇంటర్వ్యూల్లో జవాబు చెప్పమనే స్టార్ పద్ధతిలో ఉన్నవి నాలుగే: సిట్యుయేషన్, టాస్క్, యాక్షన్, రిజల్ట్. అంటే జరిగిన సందర్భం, అందులో నీ బాధ్యత, నువ్వు చేసిన పని, దాని ఫలితం. దీని వెనకున్న ఆలోచన పాతదే. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వైమానిక దళానికి పైలట్ల ఎంపిక మీద పనిచేసిన జాన్ ఫ్లానగన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లో ఒక పద్ధతి ప్రచురించాడు. మనిషి ఎలాంటివాడన్న అభిప్రాయాలు కాకుండా, ఫలానా సందర్భంలో అతను ఏం చేశాడో ఆ సంఘటనలను సేకరించమన్నాడు. ఈనాటి ఇంటర్వ్యూ ప్రశ్న కూడా ఆ దారిలోదే. అందుకే "అజాగ్రత్త", "అహంకారం", "సహకరించలేదు" లాంటి మాటలు ఈ జవాబులో పనిచేయవు. అవి నీ అభిప్రాయాలు, సంఘటనలు కావు. నిందను తీసేయడానికి మొదటి మెట్టు ఇదే: అతని గుణం గురించిన ప్రతి మాటా కొట్టేసి, ఆ చోట నువ్వు కళ్ళారా చూసింది, చెవులారా విన్నది పెట్టు.

ఇప్పుడు నీ కథనే తీసుకుందాం. అప్పుడప్పుడు నువ్వు చెప్పిన ముక్కలన్నీ కలిపితే జరిగింది ఇదీ. పంపు షాఫ్టు మీద బేరింగ్ కూర్చునే చోట సైజు 25 మిల్లీమీటర్లు, డ్రాయింగులో టాలరెన్స్ కె6. అంటే 25.002 నుంచి 25.015 లోపల ఉండాలి. అంతకంటే సన్నబడితే బేరింగ్ లోపలి రింగు షాఫ్టు మీద బిగువుగా నిలవదు, జారి తిరుగుతూ షాఫ్టుని అరగదీస్తుంది. రాత్రి ఆపరేటర్ లేతు మీంచి తీయగానే కొలిస్తే 25.005 వచ్చింది. రాసుకుని పెట్టెలో పెట్టాడు. పొద్దున నువ్వు కొలిస్తే 25.001. ఎర్ర ట్యాగు కట్టావు. షిఫ్టు మారే వేళ నలుగురి ముందూ అతను "నీ మైక్రోమీటరే తప్పు" అన్నాడు, నువ్వు "రాత్రి నిద్రపోయి కొలిచావా" అన్నావు.

సందర్భం చెప్పేటప్పుడు చాలామంది ఎదుటివాడి వాదనను బలహీనం చేసి చెబుతారు. నువ్వు దాన్ని అతను చెప్పుకునేంత బలంగా చెప్పాలి. అతని వైపు న్యాయం ఉంది: చేతిలో క్యాలిబ్రేట్ చేసిన మైక్రోమీటరు ఉంది, రీడింగు టాలరెన్సులోనే వచ్చింది, షిఫ్టుకి ఇన్ని పీసులని టార్గెట్ ఉంది, ట్యాగు పడితే ఆ లెక్క అతని మీదికే వస్తుంది. ఇవి చెప్పావంటే, అతను పక్క కుర్చీలో కూర్చుని వింటున్నా "అవును, అలాగే జరిగింది" అంటాడు. జవాబు సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి నేను నమ్మే పరీక్ష అదొక్కటే.

బాధ్యతకి ఒక్క వాక్యం చాలు. "అతన్ని ఒప్పించాలి" అని మాత్రం అనకు. అలా అన్నావంటే కథ గెలుపోటముల మీదికి పోతుంది. నీ బాధ్యత సన్నబడిన షాఫ్టు అసెంబ్లీకి వెళ్ళకుండా చూడటం, రెండు రీడింగులు ఎందుకు వేరుగా వస్తున్నాయో కనుక్కోవడం.

అసలు బరువంతా నువ్వు చేసిన పనిలో ఉంది. నీ పాత జవాబులో లేనిదీ ఇదే. ముందు రెండు మైక్రోమీటర్లనూ ఒకే 25 మిల్లీమీటర్ల స్లిప్ గేజ్ మీద పెట్టి చూశావు. రెండూ ఒకే రీడింగు చూపించాయి. అంటే పరికరంలో తప్పు లేదు. మర్నాడు పెందలాడే వెళ్ళి, అతని షిఫ్టు ముగియకముందే అతనితో కలిసి ఒక షాఫ్టుని తీసిన వెంటనే కొలిచావు. సర్ఫేస్ ప్లేట్ మీద అరగంట ఉంచి మళ్ళీ ఇద్దరూ కొలిచారు. నాలుగు మైక్రాన్లు తగ్గింది. కోత వేడికి ఉక్కు వ్యాకోచిస్తుంది. పాతిక మిల్లీమీటర్ల మందం మీద పదిహేను డిగ్రీల వేడి పెరిగిందంటే ఇంచుమించు నాలుగు మైక్రాన్లే. అతను కొలిచిందీ నిజమే, నువ్వు కొలిచిందీ నిజమే. ఎప్పుడు కొలవాలో మాత్రం వర్క్ ఇన్‌స్ట్రక్షన్‌లో ఎవరూ రాయలేదు.

చూడు, ఇక్కడ తప్పు ఎవరిదన్న ప్రశ్నే పోయింది. మర్యాద కోసం నువ్వు దాన్ని దాచలేదు, కారణం దొరికింది కాబట్టి అది పోయింది. నింద లేకుండా చెప్పడమంటే మెత్తగా చెప్పడమని అనుకుంటారు చాలామంది. కారణం కనుక్కోనివాడు ఎంత మెత్తగా చెప్పినా వినేవాడికి వేలు చూపినట్టే ఉంటుంది.

ఇంకొకటి. మొదటి రోజు ట్యాగు మీద కారణం గడిలో "ఆపరేటర్ అజాగ్రత్త" అని రాశానని చెప్పావు. గేజు పరీక్ష చేయకముందే రాశావు. దాన్ని జవాబులో ఒక వాక్యంగా పెట్టు. గొడవ పెరగడంలో నీ వంతు చెప్పకపోతే, నింద మాటల్లో లేకపోయినా కథంతా అతని వైపే వేలు చూపుతుంది. ఒక్క వాక్యమే చాలు, క్షమాపణ ప్రసంగం అక్కర్లేదు.

మొత్తం కలిపితే ఇలా వస్తుంది. రెండు నిమిషాలు దాటనివ్వకు. సందర్భానికీ బాధ్యతకీ అర నిమిషం, నువ్వు చేసిన పనికి నిమిషం పైన, మిగిలింది ఫలితానికి.

"నేను పంపు షాఫ్టుల ఇన్‌స్పెక్షన్ చూస్తాను. రాత్రి షిఫ్టులో పాసైన షాఫ్టులు పొద్దున నా కొలతలో సన్నగా వచ్చేవి. ఆపరేటర్ తీసిన వెంటనే కొలిచేవారు, ఆయన రీడింగు టాలరెన్సులోనే ఉండేది, కాబట్టి నా రిజెక్షన్ అన్యాయమని ఆయనకి అనిపించింది. షిఫ్టు మారేటప్పుడు ఇద్దరం గట్టిగా మాట్లాడుకున్నాం. నేను కూడా కారణం చూడకుండానే ట్యాగు మీద అజాగ్రత్త అని రాశాను. సన్నబడిన షాఫ్టు అసెంబ్లీకి పోకూడదు, రీడింగులు ఎందుకు తేడాగా ఉన్నాయో తేల్చాలి. ఆ లాటును ఆపి, రెండు మైక్రోమీటర్లనూ ఒకే గేజు మీద చూశాను. రెండూ సరిగ్గానే ఉన్నాయి. మర్నాడు ముందుగా వెళ్ళి, ఆయన్ని అడిగి ఒకే షాఫ్టుని వేడిగా ఒకసారి, అరగంటకి ఒకసారి ఇద్దరం కొలిచాం. నాలుగు మైక్రాన్ల తేడా వచ్చింది. లేతు ఆఫ్‌సెట్ ఎంత పెంచాలో ఆయనే చెప్పారు. ఇద్దరం కలిసి సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళి, చల్లారాకే కొలవాలని ఇన్‌స్ట్రక్షన్‌లో రాయించాం. ట్యాగు మీద నేను రాసింది ఆయన ముందే దిద్దాను."

ఆఫ్‌సెట్ సంగతి ఆపరేటర్ చెప్పాడని అనడం మరిచిపోకు. అది నిజం, పైగా ఆ ఒక్క మాటతో అతను నీ కథలో అడ్డంకిగా కాకుండా పని తెలిసినవాడిగా నిలుస్తాడు. ఇక మిగతా చోట్ల "మేము చేశాం, మేము చూశాం" అని అంతా కలిపేయకు. గేజు పరీక్ష చేసింది నువ్వు, ముందుగా వెళ్ళింది నువ్వు, అక్కడ "నేను" అనే చెప్పు.

ఫలితం చివర ఒక అంకె ఉండాలి. దాన్ని నేను రాయలేదు. రిజెక్షన్ రిజిస్టరు చూసి, ఆ సైజు మీద మార్పుకు ముందు వారం ఎన్ని పోయాయో తర్వాత వారం ఎన్ని పోయాయో రాసుకుని అదే చెప్పు. "చాలా తగ్గాయి" అంటే ఎన్ని అని అడుగుతారు, అప్పుడు గాలిలోంచి తీసిన అంకె దొరికిపోతుంది. ఒకటీ అరా ఇంకా పోతూనే ఉంటే అదీ చెప్పు.

ఈ పద్ధతి ప్రతి గొడవకీ పనికిరాదు. ఎవరైనా నీతో అసభ్యంగా ప్రవర్తించినదో, మెషిన్ గార్డు తీసేసి పనిచేయించినదో, కొలతలు దొంగగా రాసినదో ఈ ప్రశ్నకు జవాబుగా తీసుకోకు. వాటిలో ఎదుటివాడి పక్షాన్ని బలంగా చెప్పనవసరం లేదు, చెప్పకూడదు కూడా. అవి ఫిర్యాదు చేయాల్సిన సంగతులు. ఇక్కడికి పనికొచ్చేది ఇద్దరికీ ఎంతో కొంత న్యాయం ఉన్న పని గొడవే.

ఇంటర్వ్యూ తమిళంలోనో ఇంగ్లీషులోనో జరుగుతుంది. అయినా ముందు మనింటి తెలుగులో గట్టిగా చెప్పుకో. కోపం ఇంకా ఎక్కడ మిగిలి ఉందో అప్పుడే నోటికి దొరుకుతుంది. ఆ ముక్క తీసేసి తర్వాత భాష మార్చుకో.

ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేయి. జవాబు అయ్యాక నేను మూడు అడుగుతాను. ఆ ఆపరేటర్‌ని పిలిచి అడిగితే ఇందులో దేన్ని ఒప్పుకోడు? అతను కలిసి కొలవడానికి రానని ఉంటే ఏం చేసేదానివి? ఆపిన ఆ లాటు చివరికి ఏమైంది? మూడోదానికి జవాబు కోసం శనివారం లోపల స్టోర్స్‌లో కనుక్కుని ఉంచు.

ఇట్లు,
మామయ్య