ఒకే బొమ్మతో నామవాచకాలు, క్రియలు: వర్క్‌షీటు తయారుచేద్దాం

బిలాస్‌పూర్ నెహ్రూ నగర్‌లో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో హిందీ చదివే రెండు, మూడు తరగతుల పిల్లల కోసం ఈ వర్క్‌షీటు. బొమ్మగా రైల్వే ప్లాట్‌ఫారం తీసుకుందాం. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రమైన ఊరిది. ఇక్కడి పిల్లలకు ప్లాట్‌ఫారాన్ని కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు.

ముందు బొమ్మ. ఏ4 కాగితంలో పై సగం దానికే వదలండి. ఐదుగురికి మించి వద్దు, ఒక్కొక్కరికి ఒకే పని: చాయ్ పోస్తున్న అతను, పెట్టె మోస్తున్న కూలీ, బల్ల మీద కూర్చున్న అమ్మమ్మ, అరటిపండు తింటున్న పాప, నిద్రపోతున్న కుక్క. పని కంటికి కనబడాలి. కెటిల్ పట్టుకుని నిలబడితే చాలదు, ధార గ్లాసులో పడుతూ ఉండాలి. రైలును గీస్తే ఒకరు 'వస్తోంది' అని, ఇంకొకరు 'ఆగింది' అని రాస్తారు. రెంటికీ మార్కు ఇవ్వండి.

కాగితం ఇచ్చేముందు నోటితో చెప్పించండి. "ఎవరున్నారు? ఏమేం ఉన్నాయి?" అని అడిగితే వచ్చే జవాబులు నామవాచకాలు, బడిలో 'సంజ్ఞా' అని చదివినవే. "ఏం చేస్తున్నారు?" అంటే వచ్చేవి క్రియలు.

బొమ్మ కింద రెండు గళ్ల పట్టిక గీయండి. మొదటి గడిలో పేర్లు, రెండో గడిలో పనులు. స్టేషన్ బోర్డు మీది 'బిలాస్‌పూర్' మొదటి గడిలోకే వస్తుంది. 'నిద్ర' ఎక్కడ రాయాలని తప్పక అడుగుతారు. అప్పుడు 'నిన్న', 'రేపు' చేర్చి చూడమనండి. కుక్క నిన్న నిద్రపోయింది, రేపు నిద్రపోతుంది. కాలంతోపాటు మారింది కాబట్టి 'నిద్రపోతోంది' క్రియ. 'నిద్ర' మారలేదు, అది పేరు. ఆట–ఆడు, పాట–పాడు జతలను కూడా ఇలాగే తేల్చవచ్చు.

చివర నాలుగు ఖాళీలు పెట్టండి: "కూలీ పెట్టె ______." ఇక్కడ పిల్లలు 'మోయు' అని వదిలేస్తే ఒప్పుకోవద్దు, 'మోస్తున్నాడు' అని పూర్తిగా రాయించాలి. పాపకు 'తింటోంది', అమ్మమ్మకు గౌరవంగా 'కూర్చున్నారు'. ఎవరు చేస్తున్నారో క్రియ చివరే తెలుస్తుంది.

నేనైతే ఇంకో వాక్యం తప్పకుండా పెడతాను: "ఆయన కూలీ." దీనిలో క్రియ ఏదని అడగండి. హిందీలో 'హై' లేకుండా వాక్యం రాయని పిల్లలు "ఆయన కూలీ ఉన్నారు" అని రాసేస్తారు. తెలుగులో ఆ 'ఉన్నారు' అక్కర్లేదు. కాబట్టి ఈ వాక్యానికి క్రియ గడి ఖాళీగా వదిలినవారిదే సరైన జవాబు.