పర్సెంటైల్ చూసి గ్రూప్ చెప్పకు

చి. శ్రావణికి,

బీఎడ్ ప్రాక్టీస్‌లో భాగంగా పదో తరగతి పిల్లలకు ఏ గ్రూప్ మంచిదో చెప్పే పని నీకు అప్పగించారని, సామర్థ్య పరీక్ష ఫలితాలు కూడా చేతికిచ్చారని రాశావు. వాటిని ఎలా చదవాలని అడిగావు. నా మాట ముందే చెప్పేస్తాను. ఆ కాగితం చూసి గ్రూప్ తేల్చకు. పిల్లవాణ్ణి ఇంకా ఏమేం అడగాలో తేల్చుకో. ఎందుకలా అంటున్నానో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూపిస్తాను.

ఒక అబ్బాయి ఫలితంలో యాంత్రిక తర్కం 79వ పర్సెంటైల్, భాషా సామర్థ్యం 46వ పర్సెంటైల్ అని ఉందనుకో. మొదట జరిగే పొరపాటు 79ని నూటికి వచ్చిన మార్కులనుకోవడం. ఆ వయసు పిల్లలు నూరుమందిలో దాదాపు 79 మంది ఇతనికి దిగువన ఉన్నారని మాత్రమే దాని అర్థం. రెండో పొరపాటు దీనికన్నా లోతైనది. 79కీ 46కీ 33 తేడా ఉంది కాబట్టి వీడు ఇంజినీరింగ్‌కే పుట్టాడనేస్తారు. పిల్లల్లో ఎక్కువమంది సగటు చుట్టూ గుమిగూడి ఉంటారు కనుక అక్కడ స్కోరు కాస్త మారినా పర్సెంటైల్ చాలా జరుగుతుంది. సగటు 50, ప్రామాణిక విచలనం 10 ఉండే టి-స్కోరులోకి మార్చి చూడు. అవే ఫలితాలు 58, 49 అవుతాయి. తేడా 9కి దిగింది. ఇక పరీక్ష మాన్యువల్ తెరిస్తే విశ్వసనీయత ఎంతో రాసి ఉంటుంది. అది 0.84 అనుకుంటే, ఒక్కో స్కోరులో కొలత దోషం 4 పాయింట్లు. రెండు స్కోర్ల మధ్య తేడాలో ఆ దోషం దాదాపు 5.7 అవుతుంది. తేడా నిజమైనదని కాస్త ధీమాగా చెప్పాలంటే అది 11 దాటాలి. ఇక్కడున్నది 9. అంటే ఈ అబ్బాయికి భాషకన్నా యంత్రాలే బాగా వచ్చని ఈ పరీక్ష రుజువు చేయలేదు.

అలాగైతే పరీక్షలెందుకు, దండగే కదా అనవచ్చు. కాదు. టి-స్కోరుల్లో తేడా 20 ఉండి, మూడేళ్ల మార్కులూ టీచర్లు రాసుకున్న పరిశీలనలూ అదే మాట చెబుతుంటే దానికి బలం ఉంటుంది. సాక్ష్యాలు ఒకదాన్నొకటి బలపరచాలి. సీబీఎస్ఈ, ఎన్‌సీఈఆర్‌టీ కలిసి 9, 10 తరగతులకు తెచ్చిన 'తమన్నా' పరీక్షలో ఏడు సామర్థ్యాలను చూస్తారు. అందులో పాస్, ఫెయిల్ లేవు. దాని ఫలితాన్ని బట్టి సబ్జెక్టును పిల్లల మీద రుద్దకూడదని కూడా స్పష్టంగా చెప్పారు. పరీక్ష తయారుచేసినవాళ్లకున్న జాగ్రత్త ఫలితం చదివేవాళ్లకు ఉండదు, అదీ చిక్కు.

ఆసక్తుల పట్టికతో చిక్కు ఇంకో రకం. సర్వేయరు ఏం చేస్తాడో, ల్యాబ్ టెక్నీషియన్‌కు రోజంతా ఎలా గడుస్తుందో ఎన్నడూ చూడని పిల్ల ఆ గళ్లలో 'ఇష్టం లేదు' అని టిక్కు పెడుతుంది. అది అయిష్టమో, తెలియకపోవడమో పట్టిక చెప్పదు. ఆ పని గురించి నీకేం తెలుసమ్మా అని ఒక్క మాట అడిగితే తేలిపోతుంది. 1908లో బోస్టన్‌లో వృత్తి సలహా కేంద్రం పెట్టిన ఫ్రాంక్ పార్సన్స్ మూడు మెట్లు చెప్పాడు. తనను తాను తెలుసుకోవడం, పనుల స్వరూపం తెలుసుకోవడం, ఆ రెండింటినీ కలిపి ఆలోచించడం. మనవాళ్లు మొదటి మెట్టు మీద పరీక్ష పెట్టేసి మూడోదాని మీదికి దూకుతారు.

నువ్వు నిజంగా పనికొచ్చేది ఆ రెండో మెట్టు దగ్గర. ఏ దారి పడితే ఏ తలుపు మూసుకుంటుందో, ఏది తెరిచి ఉంటుందో తెలిసి ఉండాలి. ఎంపీసీ తీసుకుని బయాలజీ వదిలేసినవాడికి నీట్ దూరమవుతుంది. సీఈసీ చదివినా సీఏకీ అయిదేళ్ల లా కోర్సుకీ అడ్డు లేదు. పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేసినవాడు ఈసెట్ ద్వారా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. పాలిటెక్నిక్ అంటే చదువు రానివాళ్లకని అనుకునే తండ్రికి ఈ చివరి సంగతి తెలియదు, అంతే.

ఇంట్లో పెద్దలే నిర్ణయిస్తారు, ప్రైవేటు కాలేజీ పీఆర్వోలు పరీక్షలకు ముందే సీట్లు మాట్లాడేసుకుంటారు, ఇక మన సలహా ఎవరికి అని నీ తోటివాళ్లు అంటారు. అందులో నిజం ఉంది. పదో తరగతి చివర్లో మొదలుపెడితే సలహా ఎప్పుడూ ఆలస్యమే. మార్గదర్శనం విద్యార్థులందరికీ ఉండాలని, ప్రాథమిక దశ నుంచే మొదలవ్వాలని కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది. ఎనిమిదిలో పనులను చూపించి, తొమ్మిదిలో తల్లిదండ్రులను పిలిచి మాట్లాడితే పీఆర్వో వచ్చేసరికి వాళ్ల దగ్గర అడగడానికి ప్రశ్నలుంటాయి.

ఈసారికి నీకు అంత వ్యవధి లేదు. మనం చెప్పుకున్న అబ్బాయిలాంటివాడు తగిలితే, ఫలితం కాగితం పక్కన పెట్టి, ఇంట్లో ఏదైనా విప్పి బిగించాడేమో, అది చెడితే ఏం చేశాడో అడుగు. తర్వాత వాళ్ల నాన్ననూ వెంటబెట్టుకుని దగ్గర్లోని పాలిటెక్నిక్ వర్క్‌షాపు ఒక పూట చూసి రమ్మను. తిరిగొచ్చాక వాడేం చెబుతాడో నాకు రాయి.

నీ పెదనాన్న